టోరస్ ఘనపరిమాణం: వృత్తం నడిచిన దారిలో దాగిన లెక్క

గాలి నింపిన సైకిల్ ట్యూబును నేల మీద పడుకోబెడితే కనిపించే ఆకారమే టోరస్. గణితంలో దాన్ని ఇలా తయారు చేస్తారు: ఒక నిలువు గీత గీసి దాన్ని అక్షం అనుకోవాలి. దానికి కొంచెం దూరంగా, అదే తలంలో ఒక వృత్తం గీయాలి. ఇప్పుడు ఆ వృత్తాన్ని అక్షం చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పితే అది ఊడ్చుకుంటూ వెళ్లిన చోటంతా టోరస్ అవుతుంది. దీన్ని కొలవడానికి రెండే రెండు పొడవులు కావాలి. అక్షం నుంచి వృత్త కేంద్రానికి ఉన్న దూరం R, వృత్తం వ్యాసార్థం r.

ఘనపరిమాణానికి సూత్రం పుస్తకాల్లో ఇలా ఉంటుంది:

V = 2π²Rr²

π వర్గం ఎక్కడి నుంచి ఊడిపడిందో ఈ రూపంలో చూస్తే అర్థం కాదు. అదే సూత్రాన్ని విడదీసి రాస్తే అసలు సంగతి బయటపడుతుంది:

V = (πr²) × (2πR)

మొదటి బ్రాకెట్‌లో ఉన్నది వృత్తం వైశాల్యం. రెండోది ఆ వృత్త కేంద్రం ఒక చుట్టు తిరిగేటప్పుడు నడిచిన దూరం. ఒక π వృత్తం నుంచి వచ్చింది, ఇంకో π దారి నుంచి వచ్చింది. అంటే టోరస్‌ను ఒకచోట కోసి, సాగదీసి నిటారుగా చేస్తే వచ్చే స్థూపం ఎంతో, టోరస్ కూడా అంతే అని ఈ సూత్రం చెబుతోంది.

వినడానికి ఇది సహజంగానే ఉంటుంది. కానీ ఒక్క క్షణం ఆగితే అనుమానం రావాలి. వృత్తం తిరిగేటప్పుడు దాని బయటి అంచున ఉన్న బిందువు పెద్ద చుట్టు తిరుగుతుంది, లోపలి అంచున ఉన్నది చిన్న చుట్టుతో సరిపెట్టుకుంటుంది. వృత్తంలోని ఒక్కో బిందువుకూ ఒక్కో దారి ఉన్నప్పుడు, కేంద్రం నడిచిన దారినే ఎందుకు తీసుకోవాలి? అది "దాదాపు సరిపోతుందిలే" అని తీసుకున్న సగటా, లేక పైసా తేడా లేని లెక్కా? మొదటిసారి ఈ సూత్రం చూసినప్పుడు నేను మొదటిదే అనుకున్నాను. అది తప్పు. ఎందుకు తప్పో చూడాలంటే వృత్తాన్ని కాసేపు పక్కన పెట్టి చతురస్రంతో మొదలుపెట్టడం మేలు.

ముందు చతురస్రం

అక్షానికి 10 సెం.మీ. దూరంలో కేంద్రం ఉండేలా, 6 సెం.మీ. భుజం ఉన్న ఒక చతురస్రం తీసుకుందాం. ఒక భుజం అక్షానికి సమాంతరంగా ఉండాలి. అప్పుడు చతురస్రం లోపలి అంచు అక్షానికి 7 సెం.మీ. దూరంలో, బయటి అంచు 13 సెం.మీ. దూరంలో ఉంటాయి. దీన్ని తిప్పితే నలుపలకల ఉంగరం లాంటిది వస్తుంది. దాని ఘనపరిమాణం కట్టడానికి కొత్త సూత్రమేదీ అక్కర్లేదు. 13 సెం.మీ. వ్యాసార్థం, 6 సెం.మీ. ఎత్తు ఉన్న స్థూపంలోంచి 7 సెం.మీ. వ్యాసార్థం ఉన్న స్థూపాన్ని తీసేస్తే మిగిలేది అదే.

π × (13² − 7²) × 6 = π × 120 × 6 = 720π

అంటే సుమారు 2261.9 ఘన సెం.మీ. ఇప్పుడు "వైశాల్యం × కేంద్రం దారి" పద్ధతిలో కడదాం. వైశాల్యం 36, కేంద్రం తిరిగిన దారి 20π. రెండూ గుణిస్తే 720π. ఒక్క దశాంశం కూడా తేడా రాలేదు.

ఈ సరిపోలిక యాదృచ్ఛికం కాదు. రహస్యమంతా 13² − 7² అనే చోట ఉంది. రెండు వర్గాల భేదాన్ని (13 + 7) × (13 − 7) అని రాయొచ్చని బడిలో నేర్చుకున్నాం. ఇందులో 13 − 7 అనేది చతురస్రం వెడల్పు. 13 + 7 అనేది లోపలి, బయటి వ్యాసార్థాల మొత్తం, అంటే మధ్య వ్యాసార్థానికి సరిగ్గా రెట్టింపు. మధ్య వ్యాసార్థాన్ని మనం బయటి నుంచి తెచ్చి పెట్టలేదు. స్థూపాల లెక్కలోంచే అది తనంతట తాను బయటికి వచ్చింది. బయటి అంచు దగ్గర ఎంత ఎక్కువైందో లోపలి అంచు దగ్గర అంతే తక్కువైంది. అందుకే ఇందులో ఉజ్జాయింపు అన్న మాటే లేదు.

టోరస్‌ను అడ్డంగా కోస్తే

ఇప్పుడు వృత్తానికి వద్దాం. R = 10 సెం.మీ., r = 3 సెం.మీ. అనుకుందాం. ట్యూబును నేల మీద పడుకోబెట్టి, నేలకు సమాంతరంగా పలచటి పొరలుగా కోస్తూ పోదాం. ఏ ఎత్తులో కోసినా కనిపించేది కంకణం ఆకారమే, అంటే పెద్ద వృత్తంలోంచి చిన్న వృత్తం తీసేయగా మిగిలిన పట్టీ.

సరిగ్గా నడుము దగ్గర కోస్తే కంకణం బయటి వ్యాసార్థం 13, లోపలిది 7. అక్కడి నుంచి 2 సెం.మీ. పైకి వెళ్లి కోస్తే పట్టీ సన్నబడుతుంది. ఆ ఎత్తులో వృత్తం సగం వెడల్పు √(9 − 4), అంటే √5. కాబట్టి కంకణం బయటి వ్యాసార్థం 10 + √5, లోపలిది 10 − √5. దాని వైశాల్యం:

π × [(10 + √5)² − (10 − √5)²] = π × 20 × 2√5

మళ్లీ అదే వర్గాల భేదం, మళ్లీ అదే ఫలితం. 20π అనేది కేంద్రం తిరిగిన దారి పొడవు. 2√5 అనేది ఆ ఎత్తులో వృత్తానికి ఉన్న వెడల్పు, అంటే అక్కడి జ్యా పొడవు. కంకణం వైశాల్యం, 20π పొడవు, 2√5 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యంతో సమానం.

ఇక్కడ చూడాల్సిన అందమైన సంగతి ఒకటుంది. 3 సెం.మీ. వ్యాసార్థం, 20π సెం.మీ. పొడవు ఉన్న ఒక నిటారు స్థూపాన్ని టోరస్ పక్కనే నేల మీద అడ్డంగా పడుకోబెట్టామనుకోండి. రెండింటి ఎత్తూ 6 సెం.మీ.లే. రెండింటినీ ఒకే కత్తితో, ఒకే ఎత్తులో, నేలకు సమాంతరంగా కోద్దాం. టోరస్‌లో కంకణం కనిపిస్తుంది, స్థూపంలో దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. ఆ దీర్ఘచతురస్రం పొడవు 20π, వెడల్పు ఆ ఎత్తులోని జ్యా. అంటే ఏ ఎత్తులో కోసినా రెండు కోతల వైశాల్యాలూ సమానమే. ప్రతి పొరా సమానమైతే మొత్తాలూ సమానమే కదా. ఇటలీ గణితవేత్త కవలియెరీ పేరు మీద చలామణిలో ఉన్న సూత్రం చెప్పేది ఇదే. సమాకలనం జోలికి పోకుండానే టోరస్ లెక్క తేలిపోయింది:

V = 9π × 20π = 180π²

అంటే దాదాపు 1776.5 ఘన సెం.మీ. ఆ కొలతల గట్టి ఉంగరాన్ని నిండా నీళ్లున్న పాత్రలో పూర్తిగా ముంచితే లీటరూ ముప్పావు కంటే కాస్త ఎక్కువ నీళ్లు పొర్లిపోతాయి.

మధ్య దారి బదులు లోపలి అంచు దారితో కట్టి ఉంటే 1243.6 వచ్చేది, బయటి అంచు దారితో అయితే 2309.5. అసలు జవాబు ఈ రెండింటికీ సరిగ్గా నట్టనడుమ ఉంది.

కెప్లర్ కోసిన తీరు

ఖగోళ శాస్త్రవేత్తగా మనకు తెలిసిన యోహనెస్ కెప్లర్ 1615లో వైన్ పీపాల ఘనపరిమాణాల మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. వ్యాపారి పీపాలోకి కడ్డీ దించి సరుకు ఎంతుందో చెప్పే పద్ధతి ఆయనకు నచ్చలేదు. అక్కడ మొదలైన ఆలోచన పీపాలు దాటి రకరకాల ఘనాకారాల దాకా వెళ్లింది. అందులో టోరస్ కూడా ఉంది.

ఆయన కోసింది అడ్డంగా కాదు. అక్షం గుండా పోయే నిలువు తలాలతో టోరస్‌ను చాలా పలచటి బిళ్లలుగా కోశాడు. మన టోరస్‌ను అలా 360 ముక్కలు చేస్తే ఒక్కో బిళ్ల గుండ్రంగానే ఉంటుంది, కానీ మందం అంతటా ఒకేలా ఉండదు. లోపలి అంచు దగ్గర మందం సుమారు 0.122 సెం.మీ., బయటి అంచు దగ్గర 0.227 సెం.మీ., కేంద్రం దగ్గర 0.175 సెం.మీ. లోపలి మందం, బయటి మందం కూడి సగం చేస్తే కేంద్రం దగ్గరి మందమే వస్తుంది. కాబట్టి ప్రతి బిళ్లనూ కేంద్రం దగ్గర ఎంత మందమో అంతటా అంతే మందం ఉన్న బిళ్లతో మార్చేసినా ఘనపరిమాణం మారదు. అలా మార్చిన బిళ్లలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చితే నిటారు స్థూపం తయారవుతుంది. దాని ఎత్తు కేంద్రం తిరిగిన దారికి సమానం.

కెప్లర్ వాదనలో చెప్పీచెప్పకుండా దాటేసిన మాట ఒకటుంది. అంచుల దగ్గర మందాల సగటు సరిపోయినంత మాత్రాన బిళ్ల మొత్తానికీ సరిపోతుందని ఎలా అంటాం? వృత్తం సౌష్ఠవం వల్లే సరిపోతుంది. కేంద్రానికి బయటి వైపు x దూరంలో ఎంత వైశాల్యం ఉందో, లోపలి వైపు x దూరంలోనూ అంతే ఉంది. ప్రతి బయటి ముక్కకూ లోపల ఒక జత ఉంది. బయటిది 2π(R + x) తిరుగుతుంది, లోపలిది 2π(R − x) తిరుగుతుంది, ఇద్దరి సగటూ 2πR. జత కుదరని ఆకారం ఇస్తే ఈ వాదన అక్కడే ఆగిపోతుంది.

సౌష్ఠవం లేకపోతే గురుత్వ కేంద్రం

జతలు లేని ఆకారం సంగతి ఎప్పుడో పాపస్ చెప్పాడు. అలెగ్జాండ్రియాలో క్రీ.శ. 4వ శతాబ్దంలో ఉన్న గ్రీకు గణితవేత్త ఆయన. ఆయన సంకలనం ఏడో భాగంలో ఈ సిద్ధాంతం ఉంది, నిరూపణ మాత్రం అందులో లేదు. 17వ శతాబ్దంలో పాల్ గుల్డిన్ అనే జెసూట్ పండితుడు దీన్ని మళ్లీ ప్రకటించాడు. అందుకే ఇప్పుడు ఇద్దరి పేర్లూ కలిపి పాపస్–గుల్డిన్ సిద్ధాంతం అంటున్నారు. తలంలోని ఏ ఆకారాన్నైనా, తనను కోసుకుంటూ పోని అక్షం చుట్టూ తిప్పితే వచ్చే ఘనపరిమాణం, ఆ ఆకారం వైశాల్యాన్ని దాని గురుత్వ కేంద్రం నడిచిన దారితో గుణించినంత ఉంటుంది.

నిరూపణకు మనం ఇప్పటికే సగం దారి వచ్చేశాం. ఆకారాన్ని చిన్న చిన్న చతురస్రాల గళ్లుగా విడగొట్టాలి. అక్షానికి x దూరంలో ఉన్న ఒక్కో గడి తిరిగితే వచ్చే ఉంగరం, గడి వైశాల్యం × 2πx. చతురస్రానికి ఇది కచ్చితమని మొదట్లోనే చూశాం. ఈ ఉంగరాలన్నీ కలిపితే 2π అన్నింటిలోనూ ఉమ్మడిగా ఉంది కాబట్టి బయటికి తీసేయొచ్చు. లోపల మిగిలేది ప్రతి గడి వైశాల్యాన్నీ దాని దూరంతో గుణించి కూడిన మొత్తం. దాన్ని ఆకారం మొత్తం వైశాల్యంతో భాగిస్తే వచ్చేది సగటు దూరం. గురుత్వ కేంద్రం అక్షానికి ఎంత దూరంలో ఉందో చెప్పే నిర్వచనం సరిగ్గా ఇదే. గళ్లను చిన్నవి చేస్తూ పోతే వంకర అంచుల దగ్గర మిగిలే లోటు కూడా పూడిపోతుంది. అంటే ఈ సిద్ధాంతంలో లోతైన మంత్రమేమీ లేదు, "సగటు" అన్న మాటనే రెండు చోట్ల వాడుతున్నాం.

గురుత్వ కేంద్రాన్ని కంటికి మధ్యలా కనిపించే బిందువు అనుకుంటే మాత్రం దెబ్బ తింటాం. లంబకోణ త్రిభుజాన్ని దాని నిలువు భుజం చుట్టూ తిప్పితే శంకువు వస్తుంది. అడుగు భుజం a, ఎత్తు h అనుకుంటే త్రిభుజం వైశాల్యం ah/2. అడుగు సగంలో, అంటే a/2 దూరంలో "మధ్య" ఉందనుకుని గుణిస్తే πa²h/2 వస్తుంది, ఇది శంకువు ఘనపరిమాణం కాదు. త్రిభుజంలో ఎక్కువ భాగం అక్షం దగ్గరే పోగై ఉంది కాబట్టి గురుత్వ కేంద్రం a/3 దూరంలోనే ఉంటుంది. అప్పుడు πa²h/3, అందరికీ తెలిసిన జవాబు.

టోరస్‌ను రెండుగా చీల్చితే

టోరస్ విషయంలో ఈ తేడా బాగా కనిపించే చోటు ఇది. మన వృత్తాన్ని కేంద్రం గుండా నిలువుగా చీల్చి రెండు అర్ధవృత్తాలు చేద్దాం. ఒకటి బయటి వైపుది, ఇంకోటి లోపలి వైపుది. రెండింటి వైశాల్యమూ 4.5π. మరి టోరస్‌లో వాటి వాటాలు సమానమా?

దీనికి అర్ధవృత్తం గురుత్వ కేంద్రం ఎక్కడుందో తెలియాలి. దాన్ని కనుక్కోవడానికి పాపస్ సిద్ధాంతాన్నే వెనక్కి తిప్పి వాడొచ్చు. అర్ధవృత్తాన్ని దాని వ్యాసం చుట్టూ తిప్పితే గోళం వస్తుంది. గోళం ఘనపరిమాణం మనకు ముందే తెలుసు. గురుత్వ కేంద్రం వ్యాసం నుంచి d దూరంలో ఉందనుకుంటే:

(πr²/2) × 2πd = (4/3)πr³

ఇందులోంచి d = 4r/(3π). r = 3 అయితే d = 4/π, అంటే 1.273 సెం.మీ.

ఇక బయటి అర్ధవృత్తం గురుత్వ కేంద్రం అక్షానికి 11.273 సెం.మీ. దూరంలో ఉంది, లోపలిది 8.727 సెం.మీ. దూరంలో ఉంది. వాటి దారులతో గుణిస్తే బయటి సగానికి 1001.4 ఘన సెం.మీ., లోపలి సగానికి 775.2 ఘన సెం.మీ. వస్తాయి. రెండూ కూడితే 1776.5కి ఓ వెంట్రుకవాసి తేడాలో ఉంటుంది, ఆ తేడా కూడా దశాంశాలు కుదించడం వల్ల వచ్చిందే. ట్యూబులో బయటి సగం లోపలి సగం కంటే 29 శాతం పెద్దది. మొత్తం లెక్కలో కనిపించకుండా సర్దుకుపోయిన ఎక్కువ తక్కువలు ఇవే.

కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లు

కాగితం మీద R, r ఇస్తారు. చేతిలో నిజంగా ఒక రింగు ఉన్నప్పుడు R ని నేరుగా కొలవలేం, ఎందుకంటే అక్షం గాల్లో ఉంటుంది, వృత్త కేంద్రం రబ్బరు లోపల ఉంటుంది. కొలవగలిగేవి రెండే: రింగు బయటి వ్యాసం, లోపలి రంధ్రం వ్యాసం. మన టోరస్‌కు అవి 26, 14. రెండూ కూడి నాలుగుతో భాగిస్తే R = 10. తీసేసి నాలుగుతో భాగిస్తే r = 3. రెండింట్లోనూ నాలుగే ఎందుకంటే, వ్యాసాల నుంచి వ్యాసార్థాలకు రావడానికి ఒక సగం, నడుమకు రావడానికి ఇంకో సగం.

ఎక్కువమంది చేసే తప్పు బయటి వ్యాసార్థం 13ని R గా రాసేయడం. అప్పుడు జవాబు 30 శాతం పెరుగుతుంది. గొట్టం మందం 6ని r గా పెట్టేస్తే నాలుగు రెట్లు అవుతుంది, ఎందుకంటే r కు వర్గం ఉంది. ఈ రెండో తప్పును పట్టుకోవడం తేలిక: టోరస్ మొత్తం 26 సెం.మీ. వ్యాసం, 6 సెం.మీ. ఎత్తు ఉన్న బిళ్లలో పడుతుంది. ఆ బిళ్లే 3186 ఘన సెం.మీ. కాబట్టి 7106 అన్న జవాబు అసాధ్యం. మొదటి తప్పు మాత్రం ఈ పరీక్షకు చిక్కదు, 2309.5 ఆ బిళ్ల లోపలే ఇమిడిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఇందాకటి చతురస్రపు ఉంగరాన్ని గుర్తు తెచ్చుకోవాలి. టోరస్ ఆ ఉంగరం లోపల పూర్తిగా ఇముడుతుంది, ఉంగరమే 2261.9. దానికంటే పెద్ద జవాబు వస్తే R తప్పు పడిందన్నమాట.

ట్యూబు పూర్తి చుట్టు తిరక్కుండా మధ్యలో ఆగిపోతే లెక్కలో మార్పు స్వల్పం. పావు చుట్టు తిరిగిన పైపు వంపుకి దారి కూడా పావే కాబట్టి 444.1 ఘన సెం.మీ. చాలు.

అక్షం వృత్తాన్ని కోస్తే

సిద్ధాంతం చెప్పినప్పుడు "తనను కోసుకుంటూ పోని అక్షం" అన్నాం. చాలామంది ఆ షరతు చదివి మర్చిపోతారు. R, r సమానమైతే ఇబ్బంది లేదు. వృత్తం అక్షాన్ని తాకుతుంది, రంధ్రం మూసుకుపోయి ఒక బిందువు అవుతుంది, సూత్రం ఇంకా సరైన జవాబే ఇస్తుంది. R, r కంటే చిన్నదైతేనే చిక్కు.

R = 2, r = 3 తీసుకుందాం. ఇప్పుడు వృత్తంలో కొంత భాగం అక్షానికి అవతలి వైపు పొడుచుకు వచ్చింది. సూత్రంలో వేస్తే 36π², అంటే 355.3 ఘన సెం.మీ. నిజంగా తయారయ్యే ఆకారం, రంధ్రం లేని, పైనా కిందా నడుమ గుంట పడిన ముద్ద. దాన్ని కట్టాలంటే అక్షానికి కుడి వైపున ఉన్న భాగాన్ని మాత్రమే తిప్పాలి, ఎందుకంటే ఎడమ వైపు పొడుచుకొచ్చిన ముక్క తిరిగే చోటు ఆ కుడి భాగం తిరిగే చోటులోనే ఉంది. కుడి భాగం ఒక్కటే తిరిగితే వచ్చేది 363.2. సూత్రం ఎనిమిది ఘన సెం.మీ. తక్కువ చెప్పింది.

ఆ ఎనిమిది ఎక్కడికి పోయింది? ఎడమ వైపున్న చిన్న ముక్కను విడిగా తిప్పితే 7.9 ఘన సెం.మీ. వస్తుంది. అక్షానికి అవతల ఉంది కాబట్టి దాని దూరాన్ని సగటు లెక్క రుణసంఖ్యగా తీసుకుంది. అందుకే ఆ ముక్క ఘనపరిమాణం కలవకుండా మొత్తంలోంచి తగ్గిపోయింది. 363.2లోంచి 7.9 తీసేస్తే 355.3. అంటే సూత్రం పిచ్చి జవాబేమీ ఇవ్వలేదు. మనం అడగని ప్రశ్నకు, కుడి భాగానికీ ఎడమ భాగానికీ తేడా ఎంత అన్నదానికి, సరైన జవాబు ఇచ్చింది.

ఇక్కడ తప్పు రెండు శాతమే కాబట్టి కంటికి ఆనదు. వృత్తాన్ని ఇంకా లోపలికి జరిపి R ని సున్నా చేసేస్తే మాత్రం దాచుకోవడానికి చోటు ఉండదు. అక్షం వృత్త కేంద్రం గుండానే పోతుంది, తిరిగితే వచ్చేది 3 సెం.మీ. వ్యాసార్థం ఉన్న నిండు గోళం, 113.1 ఘన సెం.మీ. కుడి అర్ధవృత్తం ఒక్కటే ఆ గోళాన్ని తయారు చేస్తుంది, ఎడమ అర్ధవృత్తం కూడా అదే గోళాన్ని తయారు చేస్తుంది. గురుత్వ కేంద్రం అక్షం మీదే నిలబడి ఒక్క మిల్లీమీటరు కూడా కదలదు, అందుకే సూత్రం చెప్పే జవాబు సున్నా.